ఇన్వైట్ పంపాక "ఇది దేనికి, నేను రావాలా" అని ఎవరూ అడక్కుండా డిస్క్రిప్షన్ ఎలా రాయాలి?

సుజాత: మాది హైదరాబాద్ టీమ్, క్లయింట్ వాళ్ళు డల్లాస్‌లో. పేరోల్ డేటా కొత్త సిస్టమ్‌కి మార్చే పని మీద గురువారం కాల్ ఉంది, ఈసారి నుంచి ఇన్వైట్లు నేనే పంపాలి. ఇంతకుముందు వెళ్ళేవాటిల్లో "మైగ్రేషన్ గురించి మాట్లాడుకుందాం, అందరూ తప్పక రండి" అని మాత్రమే ఉండేది, ఇక ఏ షీట్ చూడాలి, ఏ లింక్, నా అవసరం ఉందా అని చాట్‌లో ఒకటే ప్రశ్నలు. ఏం రాస్తే ఇవి ఆగుతాయి?

రమణ: "గురించి మాట్లాడుకుందాం" అంటే మీటింగ్ అయ్యేసరికి ఏం తేలాలో ఎవరికీ తెలీదు, ప్రశ్నలన్నీ అక్కడే పుడతాయి. ఏం తేలాలి, తేల్చేది ఎవరు, ఈ రెండూ మొదటి వాక్యంలోనే పెట్టండి. ఫోన్ నోటిఫికేషన్‌లో డిస్క్రిప్షన్ కనపడదు, టైటిలే కనపడుతుంది, కాబట్టి టైటిల్ కూడా "పేరోల్ మైగ్రేషన్: శనివారం వెళ్దామా, ఆగుదామా" అని మార్చండి. మీ కాల్‌కి నేనైతే ఇలా రాస్తా:

"ఎందుకు: శనివారం రాత్రి పేరోల్ డేటా మార్చాలా, వారం వాయిదా వెయ్యాలా అన్నది ఈ కాల్‌లో తేలాలి. నిర్ణయం ఫైనాన్స్ హెడ్‌ది.
అజెండా, 30 నిమిషాలు: ట్రయల్ రన్‌లో తేడా వచ్చిన రికార్డులు, టెస్టింగ్ టీమ్, 10 ని. బెడిసికొడితే పాత సిస్టమ్‌కి వెనక్కి వెళ్ళే ప్లాన్, డేటాబేస్ టీమ్, 10 ని. నిర్ణయం, 10 ని.
ముందే చూడాల్సింది: షీట్‌లో 'తేడాలు' ట్యాబ్ ఒక్కటే, 5 నిమిషాల పని. ఫైనాన్స్ వాళ్ళు ఒక్కో వరస పక్కన 'ఓకే' లేదా 'సరిచేయాలి' అని బుధవారం సాయంత్రం లోపు రాయాలి. మిగతావాళ్ళు చదివి వస్తే చాలు.
జాయిన్ అవ్వడం: ఈ ఇన్వైట్‌లో ఉన్న మీట్ లింక్. లోపలికి రాలేకపోతే సుజాతకి చాట్‌లో చెప్పండి.
రాలేనివాళ్ళు: మీ టీమ్ తరఫున ఓకే చెప్పగలిగే మనిషిని పంపండి."

"ప్రిపేర్ అయి రండి" అని వదిలేస్తే ఎవరూ చూడరు. ఏ ట్యాబ్, ఎంతసేపు, ఎవరు ఏం రాయాలి, ఎప్పటిలోగా, ఇంత విడమరిచి చెప్తేనే పని జరుగుతుంది.

కిరణ్: బాగుంది గానీ జూమ్ లింక్ కూడా కింద పేస్ట్ చేసి పెట్టుకుంటే సేఫ్. టైం కూడా రెండు దేశాలదీ రాసెయ్యండి, డల్లాస్ వాళ్ళు కన్ఫ్యూజ్ అవ్వరు.

రమణ: కిరణ్ గారూ, అదే లింక్ ఇంకోసారి పేస్ట్ చేస్తే ఫర్వాలేదు. కానీ క్యాలెండర్ పెట్టిన మీట్ లింక్ పైన, మీ జూమ్ లింక్ కింద ఉంటే సగం మంది ఇక్కడ, సగం మంది అక్కడ ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఇక టైం సంగతి, క్యాలెండర్ ఎవరి టైంలో వాళ్ళకి చూపిస్తుంది. ఒక్కసారి జరిగే కాల్‌కి రాసినా నష్టం లేదు గానీ ప్రతివారం వచ్చేదాంట్లో రాయొద్దు. మన రాత్రి 8 డల్లాస్‌లో ఎండాకాలం ఉదయం 9:30, చలికాలం 8:30. నవంబర్‌లో వాళ్ళు గడియారం వెనక్కి తిప్పాక ఇన్వైట్ సరైన టైమే చూపిస్తుంది, డిస్క్రిప్షన్‌లో మీరు టైప్ చేసింది మాత్రం పాతదే ఉండిపోతుంది.

పద్మ: మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్‌కి కూడా ఇలాగే పెట్టొచ్చా అండీ? మా పెద్దవాళ్ళు అసలు క్యాలెండరే తెరవరు, వాట్సాప్‌లో పంపితేనే చూస్తారు.

రమణ: అయితే వాట్సాప్‌లోనే పంపండి పద్మ గారూ. మొదటి లైన్ మాత్రం ఇదే పద్ధతి, "లిఫ్ట్ మార్చడానికి ఫ్లాట్‌కి ఎంత వేసుకోవాలో తేల్చాలి" అని.

సుజాత: షీట్ లింక్ పెడితే క్లయింట్ వాళ్ళకి "యాక్సెస్ లేదు" అని వస్తోంది. మా సెట్టింగ్స్ బయటివాళ్ళకి షేర్ చెయ్యనివ్వవు. పీడీఎఫ్ చేసి పెట్టనా?

రమణ: చెయ్యొచ్చు, కానీ ఇన్వైట్‌కి కాకుండా మెయిల్‌కి అటాచ్ చేసి పంపండి, ఇన్వైట్‌కి పెడితే అదీ డ్రైవ్‌లోంచే తెరుచుకోవాలి కాబట్టి మళ్ళీ "యాక్సెస్ లేదు" అని రావచ్చు. అందులో జీతాలు, పేర్లు తీసేసి ఎంప్లాయీ నంబర్, తేడా ఏంటి అన్నంతవరకే ఉంచండి. మెయిల్‌ని ఎవరైనా ఫార్వర్డ్ చేస్తారు, అటాచ్‌మెంట్ కూడా దాంతోపాటే వెళ్తుంది. పీడీఎఫ్‌లో వాళ్ళు రాయలేరు కాబట్టి "మీ జవాబులు మెయిల్‌లో పంపండి" అని ఆ లైన్ మార్చండి, లేకపోతే మళ్ళీ ప్రశ్న వస్తుంది. షేర్ చెయ్యగలిగే షీట్ అయినా పంపేముందు మీ ఆఫీస్ లాగిన్ లేని బ్రౌజర్‌లో కాకుండా, క్లయింట్ వైపు ఒకరితో తెరిపించి చూడండి, ఎందుకంటే పేరుపేరునా పర్మిషన్ ఇచ్చిన షీట్ లాగిన్ లేకుండా ఎలాగూ తెరుచుకోదు.

సుజాత: ముందురోజు అజెండా మారితే? సేవ్ చేస్తే అందరికీ అప్‌డేట్ మెయిల్ పంపాలా అని అడుగుతుంది.

రమణ: వాళ్ళు చూసి రావాల్సింది మారితే పంపండి, ఏం మారిందో డిస్క్రిప్షన్‌లో మొదటి లైన్‌గా రాయండి. స్పెల్లింగ్ దిద్దితే పంపొద్దు.

కిరణ్: నేనైతే అప్‌డేట్ మెయిల్ అసలు నమ్మను, మా దగ్గర ఎవరూ తెరవరు. గ్రూప్ చాట్‌లో ఒక ముక్క పడేస్తా.

రమణ: చాట్‌లో చెప్పండి, కాదనను, కానీ ఇన్వైట్‌లో కూడా మార్చండి. గ్రూప్‌లో లేనివాళ్ళు, ముఖ్యంగా క్లయింట్ వాళ్ళు, చూసేది ఇన్వైటే.

కిరణ్: మా క్లయింట్లు కూడా గ్రూప్‌లోనే ఉంటారండీ, నాకు చాటే చాలు.