అప్‌డేట్: హఫ్‌మన్ కంప్రెషన్ రేషియో 1.28 ఆ, 5.12 ఆ?

నా ప్రశ్న: "ఒంగోలు గిత్త ఫొటోలో 8×8 ముక్కను 4 లెవెల్స్‌కి క్వాంటైజ్ చేశాను. లెక్కేస్తే రేషియో 1.28 వస్తోంది, ల్యాబ్ కీలో 5.12 ఉంది. రన్-లెంగ్త్ చేస్తే సైజు పెరిగింది. ఏంటిది?"

తేలిపోయిందండీ, జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. కావలిలో మా మేడమ్ చూసి రెండూ కరెక్టే అన్నారు.

64 పిక్సెల్స్‌లో లెవెల్స్ 40, 12, 8, 4 సార్లు వచ్చాయి. చిన్నవి కలుపుతూ పోతే 4+8=12, 12+12=24, 24+40=64. కోడ్ పొడవులు వరుసగా 1, 2, 3, 3 బిట్లు.

```
40×1 + 12×2 + 8×3 + 4×3 = 100
100 / 64 = 1.5625
```

ఎంట్రొపీ సుమారు 1.50, సగటు దానికంటే కాస్త పైనే ఉంది కాబట్టి లెక్క సరే. 4 లెవెల్స్‌కి మామూలుగా 2 బిట్లు, అంటే 128 బిట్లు. 128/100 = 1.28. కీ మాత్రం అసలు 8 బిట్ల ఫొటోతో పోల్చింది: 512/100 = 5.12. అందులో 4 రెట్లు క్వాంటైజేషన్‌వి. ఆ పోయిన వివరం తిరిగి రాదు, హఫ్‌మన్ ఘనత 1.28 వరకే. దేనితో పోల్చారో రాయకుండా రేషియో ఇవ్వడం నాకైతే నచ్చలేదు.

రన్-లెంగ్త్‌లో ఒక్కో రన్‌కి విలువకు 2, పొడవుకు 3, మొత్తం 5 బిట్లు. వరుసవారీగా నాకు 30 రన్లు వచ్చాయి, అంటే 150 బిట్లు. మామూలు 128 బిట్లతో పోలిస్తే 25 రన్లు దాటితే నష్టమే. గిత్త మూపురం అంచు, వెనక గడ్డి ఉన్న ముక్క కదా, లెవెల్ ఊరికే మారిపోతోంది. ఖాళీ ఆకాశం ముక్కలో 8 రన్లే వచ్చాయి, 40 బిట్లు.

జిగ్‌జాగ్‌లో చదవమన్న సలహా ఇక్కడ పనికిరాలేదు, అది డీసీటీ గుణకాలకు. హఫ్‌మన్ కోడ్‌లో 0, 1 అటూఇటూ మార్చినా పొడవులు మారవు, కాబట్టి ఫ్రెండ్ కోడ్ వేరుగా ఉన్నా టెన్షన్ అక్కర్లేదు.