క్యాప్షన్‌లో ఫుల్‌స్టాప్ ఉండాలా, వద్దా?

కొత్తపలక: మా నాటక బృందం పేజీకి క్యాప్షన్లు నేనే రాస్తాను. ఉండేది రెండు మూడు లైన్లు. ఫుల్‌స్టాప్‌లు, కామాలు పెడితే ఆఫీసు నోటీసులా ఉందంటున్నారు. తీసేస్తే అర్థం కాలేదని కామెంట్లు. సరదాగా ఉంటూనే తప్పుల్లేకుండా రాయడం ఎలా?

రెండుచుక్కలు: తీసెయ్యండి, గొడవ వదిలిపోతుంది. 2015లో బింగ్‌హామ్‌టన్ యూనివర్సిటీ వాళ్ళు పరిశీలించి చెప్పారు కదా, చివర ఫుల్‌స్టాప్ పెట్టిన మెసేజ్ మనస్ఫూర్తిగా ఇచ్చినట్టు అనిపించదని. పైగా తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది. ఎక్కడ ఆగాలో క్రియే చెప్తుంది, ఇంక చుక్క దేనికి?

నీలిసిరా: ఆ అధ్యయనం ఇంగ్లీషు టెక్స్ట్ మెసేజ్‌ల మీద, అదీ "ఓకే" లాంటి ఒక్క మాట జవాబుల మీద జరిగింది. అదే జవాబు చేత్తో రాసిన చీటీలో ఉంటే తేడా కనిపించలేదు కూడా. దాన్ని తెచ్చి మూడు వాక్యాల క్యాప్షన్‌కి అంటగట్టలేం. ఇక క్రియ సంగతి. మీరన్నది పుస్తకాల భాషకి నిజమే. కొత్తపలక గారూ, జనం అర్థం కాలేదన్న క్యాప్షన్ ఒకటి ఇక్కడ పెట్టండి, చూద్దాం.

కొత్తపలక: ఇదిగోండి: "షో మొదలవుతుంది శనివారం టికెట్లు దొరకవు ముందే తీసుకోండి #నాటకానికి రండి"

నీలిసిరా: చిక్కంతా "శనివారం" దగ్గరుంది. షో శనివారం మొదలవుతుందా? షో ఎప్పుడో మొదలై, శనివారానికి మాత్రం టికెట్లు ఉండవా? రెండు రకాలుగానూ చదవొచ్చు. "శనివారం షో మొదలవుతుంది" అని రాసుంటే చుక్క లేకపోయినా ఇబ్బంది ఉండేది కాదు, క్రియ తలుపు వేసేసేది. కానీ మాట్లాడేటప్పుడు మనం క్రియ అయిపోయాక కూడా ఒక ముక్క తగిలిస్తాం: "వచ్చేశాం ఇంటికి", "తెలీదు నాకు". నోటితో అన్నప్పుడు గొంతు దిగుతుంది కాబట్టి ఆ ముక్క ఎటు చెందుతుందో తెలుస్తుంది. రాతలో ఆ పని చుక్క చెయ్యాలి. అంటే క్యాప్షన్ ఎంత మాట్లాడినట్టు ఉంటే మధ్యలో ఫుల్‌స్టాప్ అవసరం అంత ఎక్కువ. అందరూ తలకిందులుగా అనుకుంటారు.

వానచినుకు: తప్పులంటే గుర్తొచ్చింది. నేను ఫోన్‌లో టైప్ చేస్తే ఒత్తులు ఎగిరిపోతాయి. ఏ ఫొటో పెట్టినా ఒకాయన వచ్చి కింద దిద్దిపోతాడు, ఫొటో గురించి ఒక్క ముక్క ఉండదు. నలుగురిలో అలా దిద్దొచ్చా అసలు?

నీలిసిరా: అది వేరే చర్చండీ. అయినా ఆ పెద్దమనిషి విడిగా మెసేజ్ పెట్టొచ్చు.

రెండుచుక్కలు: సరే, శనివారం విషయంలో ఒప్పుకుంటున్నా. కానీ ఫుల్‌స్టాప్ బదులు కొత్త లైన్ మొదలుపెడితే చాలదా? చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది, నోటీసు వాసనా రాదు.

నీలిసిరా: పోస్టులో చాలుతుంది, నేనూ అలాగే చేస్తాను. అయితే నోటిఫికేషన్లలో, ఎవరైనా కాపీ చేసి పంపినప్పుడు ఆ లైన్లు ఒక్కోసారి కలిసిపోతాయి. అందుకని తేదీ, సమయం, చోటు ఉన్న వాక్యానికి మాత్రం ఫుల్‌స్టాప్ పెట్టే తీరాలి. చిట్టచివరి వాక్యానికి మీ ఇష్టం, దాని తర్వాత ఏమీ లేదు కాబట్టి అర్థం మారదు.

ఇంకోటి, "#నాటకానికి" గురించి. మన విభక్తి మాటకి అతుక్కుంటుంది, దాంతో హ్యాష్‌ట్యాగే మారిపోతుంది. #నాటకం కోసం వెతికేవాళ్ళకి #నాటకానికి కనిపించదు. వాక్యాన్ని మామూలుగా రాసి ముగించి, ట్యాగ్ విడిగా చివర పెట్టండి.

కొత్తపలక: ఇలా మార్చాను:

"షో మొదలవుతుంది శనివారం.
టికెట్లు అప్పటికి దొరకవు, ముందే తీసుకోండి
#నాటకం"

బాగానే మాట్లాడుతున్నట్టుంది. "తీసుకోండి" తర్వాత ఏం పెట్టను?

నీలిసిరా: ఏమీ వద్దు. పెట్టాలనిపిస్తే ఒక్క ఆశ్చర్యార్థకం.

రెండుచుక్కలు: ఆశ్చర్యార్థకమా! అది చుక్కకంటే గట్టిగా అరుస్తుంది. రెండు చుక్కలు పెట్టండి, "తీసుకోండి.." అని. మెత్తగా ఉంటుంది.

నీలిసిరా: మెత్తదనం సరే, వాక్యం ఇంకా ఉందేమో అని ఆగుతారు. టికెట్లు కొనమని చెప్తూ సాగదియ్యడం దేనికి?

రెండుచుక్కలు: జనం అలాగే రాస్తున్నారండీ, అలాగే చదువుతున్నారు కూడా. ఎవరూ ఆగట్లేదు.

వానచినుకు: నేను ఆగుతాను. ఎవరైనా రెండు చుక్కలు పెడితే అలిగారేమో అనుకుంటా.