ఏజెన్సీ ‘మాకొక్కరికే చెయ్యి, పేరు బయటికి రాకూడదు’ అంటోంది. ఒప్పుకోవచ్చా?

బెజవాడ_షాపిఫై: ఆన్‌లైన్ స్టోర్లు కట్టిస్తుంటాను. హైదరాబాద్ ఏజెన్సీ ఒకటి నెలకు 60,000 ఇస్తానంటోంది. వేరెవరికీ చేయకూడదట, క్లయింట్ ముందు వాళ్ల మనిషిలా మాట్లాడాలట. ఇప్పుడు వాళ్ల పని మీద 35,000, నా సొంత క్లయింట్లు ఇద్దరి నుంచి 40,000 వస్తోంది.

గోదారి_గట్టు: సంతకం పెట్టేయ్ బ్రో. కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అలాంటి షరతు చెల్లనే చెల్లదు.

లత_యూఎక్స్: అది సగమే నిజమండీ. ఒప్పందం అయిపోయాక కూడా పని చేయొద్దంటే చెల్లదు. నడుస్తుండగా పెట్టే షరతు సంగతి వేరు. గుజరాత్ బాట్లింగ్–కోకాకోలా కేసులో 1995లో సుప్రీంకోర్టు అలాంటిదాన్ని నిలబెట్టింది.

షాపిఫై గారూ, ఆ రెండు షరతులనూ విడిగా మాట్లాడండి. పేరు దాచడం రేటు పెంచితే తేలిపోతుంది. ఎక్స్‌క్లూజివ్ అంటే మాత్రం వాళ్లు పని ఇవ్వని రోజులు కూడా కొనాలి. మీకు వస్తున్న 75,000 వదిలి 60,000కి వెళ్తే మీరే ఎదురు చెల్లిస్తున్నట్టు. నేనైతే నెలకు 100 గంటలకు 90,000 అడుగుతా. పనున్నా లేకున్నా ఆ డబ్బు రావాలి, గంటలు దాటితే అదనం. పాత క్లయింట్లిద్దరి పేర్లూ మినహాయింపుగా రాయించండి. రెండు వైపులా 60 రోజుల నోటీసు పెట్టండి. ‘క్లయింట్ చెల్లించాక ఇస్తాం’ అన్న లైన్ కనిపిస్తే తీసేయించండి.

సిరిసిల్ల_డిజైనర్: నాకు టీడీఎస్ 10 శాతం కోసేశారు, అదీ ఇలాంటిదేనా?

బెజవాడ_షాపిఫై: కాదన్నా, అది పన్ను. రిటర్న్ వేసినప్పుడు సర్దుకుంటుంది.

సిరిసిల్ల_డిజైనర్: సరే. కానీ పేరు దాచే పని నేనూ చాలాకాలం చేశా. తర్వాత కొత్త క్లయింట్ ‘శాంపిల్ చూపించు’ అంటే చూపించడానికి ఏమీ లేదు. ఆ సంగతి కూడా అడుగు తమ్ముడూ.

లత_యూఎక్స్: అవును, అది మర్చిపోయా. స్టోర్ లైవ్ అయిన ఆరు నెలలకు, బహిరంగంగా కాకుండా కాల్‌లో చూపించుకునే హక్కు అడగండి. దీనికి ఒప్పుకునే ఏజెన్సీలు ఉంటాయి. ఇంకోటి, డబ్బు పూర్తిగా అందాకే కోడ్ మీద హక్కులు బదిలీ అవుతాయని రాయండి. ఫ్రీలాన్సర్ రాసిన కోడ్ మీద హక్కు, సంతకంతో రాసివ్వనంతవరకు, మామూలుగా ఫ్రీలాన్సర్‌దే. బేరంలో మీకున్న పట్టు అదే.

బెజవాడ_షాపిఫై: అడిగేశా. 80,000కి వచ్చారు, పాత క్లయింట్లిద్దరికీ మినహాయింపు ఇచ్చారు, కాల్‌లో చూపించుకోవడానికీ ఓకే. కానీ ఒప్పందం అయ్యాక ఏడాదిపాటు వాళ్ల క్లయింట్లెవరి దగ్గరా పని తీసుకోకూడదట. జాబితా అడిగితే ఇవ్వనంటున్నారు!

లత_యూఎక్స్: ‘నేను స్వయంగా పనిచేసిన క్లయింట్లు’ అని కుదించండి. ఎవరో తెలియని వాళ్లకు దూరంగా ఎలా ఉంటారు?

గోదారి_గట్టు: అది మాత్రం 27 కిందికే వస్తుంది కదా?

లత_యూఎక్స్: అటూ ఇటూ వాదించొచ్చు. ‘వాళ్ల క్లయింట్లను నువ్వు లాక్కోకు’ అనడానికీ, ‘వాళ్లే వచ్చినా చేయకు’ అనడానికీ తేడా ఉంది. మీ డ్రాఫ్ట్‌లో ఏది రాసుంది?

బెజవాడ_షాపిఫై: రెండోది.