విచారణలో వాంగ్మూలం రాసుకునే పద్ధతి గురించి సలహా కావాలి

మా ఆఫీసులో ఒక ప్రవర్తన ఫిర్యాదు మీద విచారణ నాకు అప్పగించారు. మొదటి సాక్షితో మాట్లాడి వచ్చాక నా నోట్సు చూసుకుంటే నాకే టెన్షన్ వచ్చింది. "ఆయన కోపంగా ఫైలు విసిరేశాడు" అని రాసుకున్నాను. నిజానికి ఆవిడ చెప్పింది, "ఫైలు టేబుల్ మీద గట్టిగా పడేశాడు, చప్పుడు పక్క గదిలోకి వినిపించింది" అని. కోపం, విసరడం రెండూ నేను కలిపినవే!

అందుకని ఇప్పుడు పేజీని మూడు నిలువు గడులుగా గీశాను. మొదటి దాంట్లో నేను అడిగిన ప్రశ్న, యథాతథంగా. రెండో దాంట్లో వాళ్ల మాటలు, ముఖ్యమైనవి కొటేషన్లలో. కళ్లారా చూసిందైతే "చూ", ఎవరో చెబితే విన్నదైతే "వి" అని పక్కన గుర్తు. మూడోది తర్వాత అడగాల్సిన వాటికి. నా అభిప్రాయాలకు చోటే లేదు. పైన తేదీ, మొదలైన సమయం, ముగిసిన సమయం, గదిలో ఎవరెవరున్నారో రాస్తాను. చివర చదివి వినిపించి సంతకం తీసుకుంటాను.

చిక్కల్లా ఇక్కడే. చదివి వినిపించినప్పుడు సాక్షి "అలా కాదు, ఇలా రాయండి" అంటే పాత వాక్యం కొట్టేసి పొట్టి సంతకం పెట్టించాలా, లేక దాన్ని అలాగే ఉంచి సవరణను కింద సమయంతో విడిగా రాయాలా? నాకు రెండోదే సరైనదనిపిస్తోంది, మొదట ఏమన్నారో కూడా మిగులుతుంది కదా. సాక్షి ఏడ్చినా, చాలాసేపు మౌనంగా ఉన్నా ఎలా రాస్తారు? విచారణలు చేసినవాళ్లు చెప్పగలరా?