ఈ ప్రకటన పేరాలో అసలు ఆఫర్ ఎక్కడుంది? కుదించడానికి సాయం కావాలి

చిగురుటాకు: మా ఇన్‌స్టిట్యూట్ కోసం రాసిన ప్రకటన ఇది. వాట్సాప్ గ్రూపుల్లో పెడతాం, ఎస్సెమ్మెస్ కూడా పంపుతాం. చదివినవాళ్లంతా మళ్లీ ఫోన్ చేసి "ఇంతకీ ఏంటండీ?" అని అడుగుతున్నారు. ఏం తీసేయాలో చెప్పండి.

"గత అనేక సంవత్సరాలుగా వేలాది మంది విద్యార్థుల ఆదరాభిమానాలు చూరగొన్న మా సంస్థ, అనుభవజ్ఞులైన అధ్యాపక బృందంచే, ఉద్యోగులకు, గృహిణులకు, విద్యార్థులకు, వ్యాపారులకు ఉపయోగపడే విధంగా సులభ పద్ధతిలో రూపొందించిన ఆన్‌లైన్ ఎక్సెల్ శిక్షణా తరగతులు ఈ నెల 21 నుండి ప్రారంభం కానున్నవి. రోజుకు 40 నిమిషాల చొప్పున 30 రోజులు జరిగే ఈ తరగతులకు 15వ తేదీలోపు నమోదు చేసుకున్న వారికి ఫీజులో 40 శాతం వరకు రాయితీ కల్పించబడును. మొదటి రెండు తరగతులు ఉచితం. సర్టిఫికెట్ ఇవ్వబడును. ఈ సువర్ణావకాశాన్ని సద్వినియోగం చేసుకోవలసిందిగా కోరుతున్నాము. మరిన్ని వివరాలకు వెబ్‌సైటును సందర్శించండి లేదా ఫోన్ ద్వారా సంప్రదించగలరు లేదా వాట్సాప్ చేయండి. మా పేజీని లైక్ చేసి, ఫాలో అయి, మిత్రులకు షేర్ చేయండి. సీట్లు పరిమితం, త్వరపడండి!"

పలకాబలపం: "ఆన్‌లైన్" బదులు "అంతర్జాల", "సర్టిఫికెట్" బదులు "ధ్రువపత్రం" అంటే సగం దోషం పోతుంది. తెలుగు ప్రకటనలో ఇన్ని ఆంగ్లపదాలా?

చిగురుటాకు: అది కాదండీ నా బాధ. పొడవు, గందరగోళం.

గళ్లనుడికట్టు: "కల్పించబడును", "ఇవ్వబడును", "బృందంచే" అనే కర్మణి ప్రయోగాలే దీన్ని పాడుచేశాయి. "రాయితీ ఇస్తాం", "సర్టిఫికెట్ ఇస్తాం" అని మార్చండి, చక్కగా కుదురుతుంది.

దిద్దుబాటు: ఆ మార్పు చేయాల్సిందే కానీ, గళ్లనుడికట్టు గారూ, దాంతో పని తీరదు. "బడును"లు తీసేసి మళ్లీ చదవండి. పొడవు అంతే ఉంటుంది, ఏం చేయాలో అప్పుడూ తెలియదు.

మొదటి వాక్యం చూడండి. "మా సంస్థ" అని మొదలైంది, క్రియ మాత్రం "తరగతులు ప్రారంభం కానున్నవి". సంస్థ ఏం చేసిందో వాక్యం చెప్పనే లేదు. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది కదా, "చూరగొన్న", "ఉపయోగపడే", "రూపొందించిన" అని విశేషణాలు ముందు పేర్చుకుంటూ పోతే, రాసినవాళ్లకే కర్త గుర్తుండదు. ఇక చదివేవాళ్లు "ఎక్సెల్" అనే మాట దగ్గరికి వచ్చేసరికే ఇరవై మాటలు దాటాలి. నోటిఫికేషన్‌లో కనబడేది మొదటి ఒకటి రెండు లైన్లే. అంటే అక్కడ వాళ్లకు కనబడుతున్నది "గత అనేక సంవత్సరాలుగా వేలాది మంది విద్యార్థుల". ఇది ఎవరి ప్రకటనైనా కావచ్చు.

ఇప్పుడు పెన్సిల్ తీసుకుని, చదివేవాళ్లను ఏదో ఒకటి చేయమంటున్న ప్రతి క్రియ కింద గీత గీయండి. సద్వినియోగం చేసుకోవాలి, సందర్శించాలి, సంప్రదించాలి, వాట్సాప్ చేయాలి, లైక్ చేయాలి, ఫాలో అవ్వాలి, షేర్ చేయాలి, త్వరపడాలి. ఎనిమిది. నమోదు చేసుకోవడం అన్నిటికంటే ముఖ్యం, అదేమో "చేసుకున్న వారికి" అని ఒక విశేషణం లోపల దాక్కుంది!

కుదించే ముందు మూడు సంగతులు చెప్పండి. వెబ్‌సైటులో ఫారం ఎంత ఉంది? వాట్సాప్‌కు జవాబిచ్చేది మనిషా, ఆటో రిప్లైనా? "40 శాతం వరకు" అంటే ఎవరికి ఎంత?

చిగురుటాకు: ఫారంలో తొమ్మిది గళ్లు ఉన్నాయి. వాట్సాప్‌కు ఒక అమ్మాయి జవాబిస్తుంది. ఇద్దరు కలిసి చేరితే 40, ఒక్కరే అయితే 25 శాతం.

సూదిదారం: మాదీ ఇలాంటి గొడవే. టైలరింగ్ క్లాసుకు పాంప్లెట్ వేయించాను. రెండు ఫోన్ నంబర్లు, పేజీ పేరు, క్యూఆర్ కోడ్, అన్నీ పెట్టాను. క్యూఆర్ ఎవరూ స్కాన్ చేయట్లేదు. రంగు వల్లనా?

దిద్దుబాటు: సూదిదారం గారూ, మీ దానికి కాసేపట్లో వస్తాను. ముందు ఇది ముగిద్దాం.

చిగురుటాకు గారూ, మీ జవాబులోనే చిక్కు తెలిసిపోయింది. ఒక్కడే చేరే మనిషి "40 శాతం వరకు" చదివి 40 అనుకుంటాడు, ఫోన్ చేస్తే 25 అంటారు. "వరకు" అన్న మాట వల్ల తన ఫీజు ఎంతో తనకు తెలియదు, అందుకే మీకు అన్ని ఫోన్లు. "15వ తేదీలోపు" కూడా అంతే. పదిహేనో తేదీ లెక్కలోకి వస్తుందా, రాదా? కొందరు వస్తుందంటారు, కొందరు పద్నాలుగుతోనే సరి అంటారు. "15వ తేదీ రాత్రి 9 గంటల వరకు" అని గంటతో సహా రాస్తే వాదన ఉండదు.

అంతకంటే పెద్ద సమస్య, ఇందులో రెండు ఆఫర్లు పోటీ పడుతున్నాయి. ఒకటి ఉచిత క్లాసులు, రెండోది రాయితీ. మీరెవరో తెలియనివాళ్లకు రాయితీ పెద్దగా పట్టదు, ఎందుకంటే అసలు ధర విలువైనదో కాదో వాళ్లకింకా తెలియదు. వాళ్లకు ఉచిత క్లాసు చాలు. రాయితీ సంగతి రెండో క్లాసు అయ్యాక, కూర్చున్నవాళ్లకు చెప్పండి. దాని గడువు కూడా అప్పటికి జరపాలి. ఇప్పుడైతే క్లాసులు 21న మొదలై, గడువు 15కే ముగుస్తోంది. చూడకముందే డబ్బు కట్టమన్నట్టుంది.

తొమ్మిది గళ్ల ఫారాన్ని వదిలేయండి. చివర మిగలాల్సిన క్రియ ఒక్కటే, వాట్సాప్ చేయడం. నేనైతే ఇలా రాస్తాను:

> *ఎక్సెల్ మొదటి రెండు క్లాసులు ఉచితం*
> ఈ నెల 21, 22 తేదీల్లో రాత్రి 8 నుంచి 8:40 వరకు, ఆన్‌లైన్‌లో. ఫార్ములాలు అస్సలు రానివాళ్ల కోసం.
> నచ్చితే మిగతా 28 క్లాసులకు ఫీజు కట్టొచ్చు. లేదంటే అక్కడితో ఆపేయొచ్చు.
> లింకు కోసం 20వ తేదీ రాత్రి 9 లోగా 1 అని వాట్సాప్ చేయండి: (నంబరు)

క్లాసు టైము నేను ఊహించి పెట్టాను, మీది వేసుకోండి. మొదటి లైనుకు రెండు పక్కలా * అనే నక్షత్రం గుర్తు పెడితే వాట్సాప్‌లో బొద్దుగా కనబడుతుంది. ఆ గుర్తుకూ అక్షరానికీ మధ్య ఖాళీ ఉంటే మాత్రం బొద్దు అవ్వదు, గుర్తులే మిగులుతాయి.

"ఉద్యోగులకు, గృహిణులకు, విద్యార్థులకు, వ్యాపారులకు" బదులు "ఫార్ములాలు అస్సలు రానివాళ్ల కోసం" అన్నాను. నాలుగు వర్గాల పేర్లు చెబితే అందులో ఎవరికీ "ఇది నాకే" అనిపించదు.

గళ్లనుడికట్టు: "ఎక్సెల్ అని పంపండి" అంటే ఇంకా సొంపుగా ఉంటుందిగా, 1 ఎందుకు?

దిద్దుబాటు: ఒకరు తెలుగులో కొడతారు, ఒకరు ఇంగ్లీషులో, ఇంకొకరు స్పెల్లింగ్ తప్పుతో. అవతల మనిషి ఉంటే ఫర్వాలేదు. రేపు ఆటో రిప్లై పెట్టుకుంటే ఆ మాట అచ్చంగా కలవాలి. 1 అయితే ఏ కీబోర్డులోనైనా ఒకటే. ఆ శ్రమ కూడా లేకుండా ఈ లింకు ఇవ్వొచ్చు:

```
https://wa.me/<నంబరు>?text=1
```

నొక్కితే 1 అని టైపై ఉన్న చాట్ తెరుచుకుంటుంది, పంపితే చాలు. నంబరు దేశం కోడ్‌తో మొదలవ్వాలి. ప్లస్ గుర్తు, ముందు సున్నాలు పెట్టకూడదు.

గళ్లనుడికట్టు: సరే. "సీట్లు పరిమితం" మాత్రం ఉంచాల్సింది, అది లేకపోతే జనం కదలరు. ఎస్సెమ్మెస్‌కు కూడా ఇదే పంపితే సరి, 160 అక్షరాల్లో రెండు మెసేజ్‌లకు సరిపోతుంది.

దిద్దుబాటు: గడువు ఉండాలన్నది నిజం. అందుకే 20వ తేదీ రాత్రి 9 అని పెట్టాను. "సీట్లు పరిమితం" అంటే ఎన్నో చెప్పాలి. "40 మందికే" అని రాయండి, నలభై నిండాక నిజంగా ఆపేయండి. ఆన్‌లైన్ క్లాసుకు సీట్ల లెక్క లేకపోతే ఆ మాట అబద్ధం, తీసేయడమే మేలు.

ఎస్సెమ్మెస్ లెక్క వేరు. 160 అన్నది ఇంగ్లీషుకు. ఒక్క తెలుగు అక్షరం చేరినా ఒక మెసేజ్‌కు 70 మాత్రమే, రెండుమూడు కలిపి పంపితే ఒక్కోదానికి 67. పైగా అది మనం బడిలో నేర్చుకున్న అక్షరాల లెక్క కాదు. గుణింతం, పొల్లు, సున్నా, అన్నీ విడివిడిగా పడతాయి. "చేయండి" మనకు మూడు అక్షరాలు, అక్కడ ఆరు. "వాట్సాప్" అక్కడ ఎనిమిది. "ఆన్‌లైన్" అని పొల్లు విడిగా కనబడేలా రాస్తే కంటికి కనబడని గుర్తు ఒకటి మధ్యలో ఉంటుంది, అదీ లెక్కే. కాబట్టి ఎస్సెమ్మెస్‌కు ఇంతే:

> ఎక్సెల్ 2 క్లాసులు ఉచితం. లింకుకు 1 అని వాట్సాప్ చేయండి:

తర్వాత ఒక ఖాళీ, పది అంకెల నంబరు. మొత్తం 67. తేదీ, టైము పట్టవు. వాట్సాప్ జవాబులో మొదటి లైనుగా అవి వెళ్లాలి.

అరుగుమీద: ఒక్క మాట. "చేయండి" అని ఆజ్ఞాపించినట్టు ఉంటే పెద్దవాళ్లకు నచ్చదు. "వాట్సాప్ చేయగలరు" అంటే మర్యాదగా ఉంటుంది.

దిద్దుబాటు: "అండి"లోనే గౌరవం ఉంది కదండీ. "చేయగలరు" అంటే చేయమంటున్నారో, చేసే వీలుందని చెబుతున్నారో తేలదు. ప్రకటనలో ఆ సందిగ్ధం వద్దు.

అరుగుమీద: అలవాటైన వినతి ప్రయోగాన్ని చూసి ఎవరూ తికమక పడరు. ఆహ్వానపత్రికల్లో, నోటీసుల్లో అందరూ అర్థం చేసుకుంటున్నారుగా. నేను ఒప్పుకోను.

దిద్దుబాటు: నోటీసు వరకు మీ మాట కాదనను. అమ్మకం రాతలో మాత్రం నేను "చేయండి" అనే రాస్తాను.

సూదిదారం గారూ, మీ పాంప్లెట్ గోడకు ఉందా, ఫోటో తీసి గ్రూపుల్లో పెట్టారా?

సూదిదారం: ఎక్కువగా ఫోటోనే పెట్టానండీ.

దిద్దుబాటు: అయితే రంగుది తప్పు కాదు. క్యూఆర్ ఉన్నది ఏ ఫోన్‌లోనో, స్కాన్ చేయాల్సిందీ ఆ ఫోన్‌తోనే. గ్యాలరీలోంచి చదివించే దారి ఉన్నా చాలామంది అంత దూరం వెళ్లరు. గోడ మీద కాగితానికి క్యూఆర్ ఉంచండి, గ్రూపులో ఫోటో కింద లింకు టైపు చేసి పెట్టండి. రెండు నంబర్లలో ఒకటి తీసేయండి, ఎవరు ఎత్తుతారో ఆ నంబరే ఉండాలి.

గళ్లనుడికట్టు: మరి కాగితం మీద నంబరూ, క్యూఆరూ రెండూ ఉంటే రెండు పనులు చెప్పినట్టు కాదా?

దిద్దుబాటు: రెండూ ఒకే చాట్‌కు తీసుకెళ్తే ఒకే పని. క్యూఆర్ పేజీకి, నంబరు ఫోన్‌కు పోతే రెండు పనులు. కొందరు కాగితం మీద అసలు ఒక్కటే ఉంచాలంటారు. నాకైతే పెద్దక్షరాల నంబరు తప్పనిసరి, క్యూఆర్ మీ ఇష్టం.

చిగురుటాకు: బాగుందండీ. ఒక్క చిక్కు. "వేలాది మంది ఆదరాభిమానాలు" తీసేస్తే మా సార్ ఒప్పుకోరు.

దిద్దుబాటు: తీసేయకండి, చోటు మార్చండి. 1 అని పంపినవాళ్లకు వెళ్లే జవాబులో లింకు, తేదీ, టైము తర్వాత ఆ లైను పెట్టండి. "వేలాది" మాత్రం వద్దు, ఇప్పటిదాకా ఎంతమంది కోర్సు పూర్తి చేశారో రిజిస్టరు చూసి ఆ అంకె వేయండి. సార్‌కు ఆ జవాబు మెసేజ్ కూడా కలిపి చూపించండి, తన లైను కనబడితే ఊరుకుంటారు.

చిగురుటాకు: రిజిస్టరులో వేలు లేవనుకోండి. చూసి చెప్తాను.