ఈ ఫోటోలోది ఆండ్ గేటా, ఆర్ గేటా?

ఆమదాలవలస డిప్లొమా: పాత పేపరు ఫోటో పెట్టాను. A, B నుంచి రెండు డయోడ్లు వచ్చి Y దగ్గర కలుస్తున్నాయి. Y నుంచి రెసిస్టర్ పైకి పోతోంది, దాని పై కొస ఫోటోలో పడలేదు. ట్రూత్ టేబుల్ ఏమొస్తుంది? రూములో సగం మంది ఆర్ అంటున్నారు.

పలాస కోచింగ్: ఆర్ గేటే. రెండు డయోడ్లలో ఏది కండక్ట్ చేసినా Y కి వోల్టేజీ వస్తుంది. పై కొస గ్రౌండ్ అయి ఉంటుంది, అన్ని పుస్తకాల్లోనూ అంతే కదా.

రాజాం లెక్చరర్: తమ్ముడూ, నువ్వు చెప్పింది బాణాలు Y వైపు ఉంటే నిజమే. ఫోటో పెద్దది చేసి చూడు, అడ్డగీత A, B వైపు ఉంది, బాణం Y నుంచి బయటికి పోతోంది. ఇప్పుడు కొస గ్రౌండే అనుకుందాం. A కి 5 వోల్టులిచ్చినా డయోడ్ ఎదురు తిరిగే ఉంటుంది, Y ఎప్పుడూ సున్నాయే. అలాంటి ప్రశ్న ఎవరూ ఇవ్వరు. కాబట్టి కనపడని కొస +5V.

A గ్రౌండ్‌లో, B 5 వోల్టుల్లో ఉందనుకోండి. కరెంటు పైనుంచి రెసిస్టర్ గుండా దిగి A డయోడ్ లోంచి పోతుంది, Y సుమారు 0.7 వోల్టుల దగ్గర ఆగుతుంది. B డయోడ్ ఆఫ్. రెండూ 5 వోల్టులైతే కరెంటు పోయే దారే లేదు, Y 5కి లేస్తుంది.

```
A B Y
0 0 0
0 1 0
1 0 0
1 1 1
```

బొబ్బిలి మెకానిక్: సార్, నేను ఇదే కట్టి చూశాను. Y నుంచి గ్రౌండ్‌కి ఎల్‌ఈడీ పెట్టాను. A, B రెండు వైర్లూ పీకేస్తే ఎల్‌ఈడీ వెలిగింది. ఇన్‌పుట్ ఏమీ లేకుండా అవుట్‌పుట్ 1 వస్తే ఆండ్ ఎలా అవుతుంది?

రాజాం లెక్చరర్: అన్నా, పీకిన వైరు 0 కాదు. 0 అంటే గ్రౌండ్‌కి తగిలించాలి. గాల్లో వదిలేస్తే డయోడ్ లోంచి కరెంటు పోదు, ఆ ఇన్‌పుట్ 1 లాగే పనిచేస్తుంది. ఒక్క వైరు గ్రౌండ్‌కి తాకించండి, ఎల్‌ఈడీ ఆరిపోతుంది. ఎల్‌ఈడీ ఉన్నంతసేపు మీటరు Y దగ్గర 5 చూపించదు, రెండు వోల్టుల చిల్లరే ఉంటుంది. అది గేటు తప్పు కాదు.

పలాస కోచింగ్: సరే, గీత నేను చూడలేదు. కానీ 0.7ని 0 అని రాసేస్తే ఎలా? దీని Y ని ఇలాంటి ఇంకో గేటు ఇన్‌పుట్‌కి ఇస్తే అక్కడ 1.4 అవుతుంది. టీటీఎల్ ఐసీ 0.8 దాటితే దాన్ని 0గా తీసుకుంటుందన్న గ్యారంటీ లేదు.

రాజాం లెక్చరర్: ఆ మాట కరెక్టే. అందుకే డయోడ్ గేట్లు వరసగా తగిలించరు, మధ్యలో ట్రాన్సిస్టర్ పెడతారు. పేపర్లో మాత్రం 0 రాస్తే చాలు.

ఆమదాలవలస డిప్లొమా: మా సార్ వోల్టేజీలు కూడా రాయాలంటారు, సార్. ఐడియల్ డయోడ్ అని ప్రశ్నలో లేదు మరి.