ఈ వారం సమస్య: "కంపుఁ గోరి తుమ్మెద చేరెఁ గమలమందు"

గణగోపి (నిర్వాహకుడు): నిన్న రాత్రి నిద్ర పట్టక పడుకుని ఉంటే ఈ పాదం తట్టింది. ఒక్కణ్ణే నవ్వుకున్నాను. తుమ్మెదకి పాపం ఏం ఖర్మో మీరే చెప్పాలి. గడువు ఆదివారం రాత్రి వరకు. ఎప్పటిలాగే పద్యం ముందు, వాదన తరవాత.

యతిమతి: గోపిగారూ, ఇది సమస్యే కాదు. "కంపు" అంటే సువాసన అని పాత కవులకి తెలుసు. విరుపులూ మెలికలూ అక్కర్లేదు.

తెల్లవాఱుచు నుండఁగఁ దేలివచ్చు
చల్లగాలి మోసిన వార్త చాలదనుచు
మూలమును దానె వెదకుచు ముదముతోడ
కంపుఁ గోరి తుమ్మెద చేరెఁ గమలమందు.

గణగోపి: "గాలి మోసిన వార్త" దగ్గర ఆగిపోయాను. వాసన అనే మాటే వాడకుండా వాసన చెప్పారు. భేష్.

ముక్కుపుల్ల: వార్త బాగుంది. మూడో పాదం చివర మాత్రం కాలు జారింది మాస్టారూ. "తోడ" ద్రుతాంతం. తరవాత పరుషం వస్తే "ముదముతోడఁ గంపు" అవ్వాలి. అప్పుడు సమస్య మొదటి అక్షరమే మారిపోతుంది. పోయిన నెల నా పద్యంలో ఇలాంటిదే పట్టుకుని మీరు నాలుగు రోజులు వదల్లేదు. నేను నాలుగు నిమిషాల్లో వదిలేస్తాను. "ముదమునొంది" అనండి, సరిపోతుంది.

యతిమతి: మార్చాను. ధన్యవాదాలు. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు మీకు. పద్యం కంటే ముందు తప్పు కోసం చూశారన్నమాట.

ముక్కుపుల్ల: నా పేరే ముక్కుపుల్ల కదండీ, వాసన పడుతుంది. అది సరే, అసలు విషయం చెప్పండి. రెండు నెలల క్రితం నేను "పూల వలపు గాలిఁ గలిసె" అని రాస్తే, "పువ్వుకీ గాలికీ ప్రేమ వ్యవహారమా?" అని అందరినీ నవ్వించారు. వలపు అంటే పరిమళం అని కూడా పాత అర్థం ఉందని మొత్తుకున్నాను. "ఈ కాలం పాఠకుడికి తెలియని అర్థం చెల్లదు" అని తీర్పు ఇచ్చారు. మరి ఈ కాలం పాఠకుడికి కంపు అంటే సువాసనా?

ఏటవాలు: ముక్కుపుల్లగారు అడిగింది న్యాయమే. కానీ యతిమతిగారు చెప్పిందీ నిజమే. పూర్వం కంపు అంటే సువాసన ఒక్కటే. చెడ్డ అర్థం ఈమధ్య సినిమాల వల్ల వచ్చింది.

తెల్లకాగితం: ఏటవాలుగారూ, సగం ఒప్పు. సినిమాలు పుట్టకముందు నుంచే రెండో అర్థం ఉంది. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువు తీసి చూడండి, దుర్గంధం, పరిమళం రెండూ ఆ మాట కిందే కనిపిస్తాయి. అంటే అప్పటికి ఆ మాట గడప మీద నిలబడి ఉంది, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. ఇప్పుడు పూర్తిగా బయటికి వెళ్లిపోయింది.

పక్కింటి కన్నడంలో మాత్రం "కంపు" ఈ రోజుకీ పరిమళమే. "కన్నడద కంపు" అని వాళ్లు గర్వంగా అంటారు. తెలుగువాడు మొదటిసారి వింటే ఉలిక్కిపడతాడు. మన "కమ్మని" కూడా ఆ కుటుంబంలోదే. ఒకే ఇంట్లో పుట్టిన ఇద్దరిలో ఒకరు మంచి పేరు తెచ్చుకున్నారు, ఇంకొకరు మురిక్కాలవ పక్కకి చేరారు. తమిళంలో "నాఱ్ఱం" అనే మాటదీ ఇదే కథ. ఒకప్పుడు పూలకి వాడేవారు, ఇప్పుడు దుర్గంధానికి వాడుతున్నారు. కాబట్టి యతిమతిగారి పూరణ చెల్లుతుంది. అదే లెక్కన ముక్కుపుల్లగారి వలపు కూడా చెల్లాలి.

ముక్కుపుల్ల: ఈ చివరి వాక్యం నాకు చాలు. దాచుకుంటున్నాను.

యతిమతి: తేడా ఉంది. కంపు విషయంలో పాఠకుడు తికమక పడాలనే సమస్య ఇచ్చారు. మీ పద్యంలో తికమక అవసరం లేదు.

ఏటవాలు: మరి ఎందుకు చెడింది ఆ మాట? సంస్కృతం వల్లా?

తెల్లకాగితం: నా అనుమానం అటే. సౌరభం, పరిమళం, సుగంధం అని పెద్దింటి మాటలు వచ్చి మంచి వాసనలన్నీ పంచుకున్నాయి. ఇంటి మాటకి మిగిలింది తీసుకోక తప్పలేదు. కానీ ఈ లెక్క పూర్తిగా నిలవదు. "తావి" కూడా ఇంటి మాటే కదా, దానికేం కాలేదు. నెత్తావి, పూదావి అంటూ పద్యాల్లో ఇప్పటికీ హాయిగా ఉంది. బహుశా వాడుకలో లేకపోవడమే దాన్ని కాపాడిందేమో. రోజూ నోట్లో నలిగే మాటే చెడిపోతుంది.

"వాసన"ని గమనించండి. అది ఇప్పుడు చెడుతూ ఉంది. విశేషణం లేకుండా "ఏదో వాసన వస్తోంది" అంటే అందరం ముక్కు మూసుకుంటాం. మంచిదైతే "మంచి వాసన" అని విడిగా చెప్పాలి. "కంపు"కి మాత్రం "చెడ్డ" అని చేర్చక్కర్లేదు. దానికి తోడు "కొట్టు" అనే క్రియ. వాసన కొడుతోంది, గబ్బు కొడుతోంది, కంపు కొడుతోంది అంటాం. పరిమళం కొడుతోంది అని ఎవరైనా అనగా విన్నారా? పరిమళం వీస్తుంది, గుబాళిస్తుంది. క్రియ వినగానే ముక్కు సగం తీర్పు ఇచ్చేస్తుంది.

గణగోపి: "సెంటు కొడుతోంది" అంటాం కదా?

తెల్లకాగితం: అంటాం. ఎప్పుడు అంటామో చూడండి. ఎక్కువైనప్పుడే.

బీకరు: పద్యాలు నాకు రావు, చదవడానికే వస్తాను. కానీ "ఎక్కువైనప్పుడే" అన్న మాటకి ఒకటి చెప్పాలి. మల్లెపువ్వు వాసనలో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. చాలా పలుచగా ఉంటే పూల వాసనలా ఉంటుంది. చిక్కగా సీసాలో పెట్టి మూత తీస్తే మలం గుర్తొస్తుంది. పదార్థం ఒకటే. కాబట్టి మీ తుమ్మెద కంపు కోరిందో తావి కోరిందో తేల్చాలంటే ముందు మోతాదు ఎంతో అడగాలి.

ముక్కుపుల్ల: బీకరుగారూ, మీరు పద్యం రాయకుండానే పూరించారు. నాది వినండి. నాకు పాత అర్థం అక్కర్లేదు. కంపుని కంపుగానే ఉంచాను.

ఎవరి ముక్కున కెయ్యది యింపొ యదియె
వారి కమృతమ్ము, తప్పేమి? వాలె నీఁగ
పండి కుళ్లిన ఫలముపైఁ బరుగుతీసి
కంపుఁ గోరి, తుమ్మెద చేరెఁ గమలమందు.

గణగోపి: ఆహా! "కంపుఁ గోరి" ఈగ ఖాతాలోకి వెళ్లిపోయింది. తుమ్మెద మడి కట్టుకుని కమలంలో కూర్చుంది. నేను ఎదురు చూడని దారి ఇది.

యతిమతి: విరుపు బాగుంది, ఒప్పుకుంటాను. రెండు మాటలు. ఒకటి, ఈగ పరుగుతీసి వాలదు, ఎగిరి వాలుతుంది. పరుగు ఎక్కడిది? రెండు, ఈగ ఎందుకు వెళ్లిందో చెప్పారు. తుమ్మెద ఎందుకు వెళ్లిందో చెప్పలేదు. సమస్యలో ప్రాణం దానిదే, మీ పద్యంలో అది చుట్టపుచూపుగా వచ్చింది.

ముక్కుపుల్ల: రెండోదానికి మొదటి పాదమే జవాబు. దాని ముక్కుకి ఇంపైన చోటికి అది వెళ్లింది. మొదటిది... సరే, పరుగు తప్పే.

తెల్లకాగితం: "ఫలముపైఁ బరవశించి" అంటే? గణాలు చెడవు, యతి ఉంటుంది. ఈగకి కుళ్లిన పండు మీద పరవశం, పద్యానికి కావలసిన వెటకారం కూడా అదే.

ముక్కుపుల్ల: తీసుకున్నాను. ఇది యతిమతిగారికి తట్టనందుకు సంతోషం.

బీకరు: ఈగని మరీ చిన్నచూపు చూడకండి. రఫ్లీషియా అనే పెద్ద పువ్వు కుళ్లిన మాంసం వాసన వేస్తుంది, ఆ కంపు కోరి వచ్చే ఈగలే దాని పుప్పొడి మోస్తాయి. ఆ పువ్వు దృష్టిలో అదే సౌరభం.

ఏటవాలు: నేను అసలైన విరుపు తెచ్చాను. కంపుని ముక్కలు చేశాను. మూడో పాదం మాత్రం ఇది, మిగతావి వస్తాయి:

తేనె నిండిన బంగారు తీరుల చష-
కంపుఁ గోరి తుమ్మెద చేరెఁ గమలమందు.

"చషకంపు" అంటే గిన్నె యొక్క. కంపు అనేదే మిగల్లేదు. ఎలా ఉంది?

తెల్లకాగితం: గణాలు కూర్చోబెట్టారు, యతి వేశారు. కానీ "చషకంపు" విశేషణం. చషకంపు అంచు, చషకంపు తేనె అనాలి. దాని వెనక నామవాచకం లేకపోతే నిలబడదు. మీరు "కోరి" అనే క్రియని నిలబెట్టారు. గిన్నె యొక్క కోరి? గిన్నెని కోరాలంటే "చషకముఁ గోరి" అవ్వాలి, అప్పుడు మళ్లీ సమస్యే పోతుంది.

ఏటవాలు: మిగతా రెండు పాదాలు రాయడం ఆపేశాను.

కొత్తకలం: అందరికీ నమస్కారం, కొత్తగా చేరాను. సమస్య చదవగానే నా గురించే రాశారనుకున్నాను. పోయినేడు పెద్ద జలుబు చేసి వాసన పూర్తిగా పోయింది. నెల తరవాత తిరిగి వచ్చింది కానీ తారుమారుగా వచ్చింది. సబ్బు పట్టుకుంటే కాలిన రబ్బరు వాసన, గులాబీ దగ్గర పెడితే కుళ్లు కంపు. పరోస్మియా అంటారని డాక్టరు చెప్పారు. నాలుగు నెలలకి కాస్త సర్దుకుంది. ఆ నాలుగు నెలలూ పువ్వు ఎవరిచ్చినా టెన్షనే. తుమ్మెదకి అలా అయితే? ఒక్క పాదమే వచ్చింది, తప్పైతే నవ్వకండి.

సబ్బు రుద్దిన రబ్బరు కాలినట్లు

యతిమతి: నవ్వడం లేదండి. గణాలు అయిదూ సరిగ్గా పడ్డాయి, మొదటి పాదానికి అది గొప్పే. యతి పోయింది. "స"కి "కా" కుదరదు. "సబ్బు రుద్దిన రబ్బరు చమురు కంపు" అంటే స, చ కుదురుతాయి.

ముక్కుపుల్ల: మాస్టారు ఇంత మెత్తగా మాట్లాడగా నేను ఎప్పుడూ చూడలేదు. కొత్తకలంగారూ, మీ తుమ్మెద చాలా కొత్తది. పరిమళమే కంపుగా తోస్తున్నా అలవాటు కొద్దీ కమలం దగ్గరికే వెళ్లే తుమ్మెద. మిగతా రెండు పాదాలు రాయండి.

కొత్తకలం: ప్రయత్నిస్తాను. "పరిమళము వీచు కమలము" అని మొదలుపెట్టవచ్చా?

తెల్లకాగితం: చిన్న సంగతి. పరిమళం అని అమరకోశంలో చెప్పింది నలిపినప్పుడు, రాసినప్పుడు పుట్టే మనోహరమైన వాసనని. దూరం దాకా వ్యాపించేది ఆమోదం. కొలనులో ఎవరూ ముట్టుకోని కమలానికి...

గణగోపి: కాగితంగారూ, ఆవిణ్ణి ముందు రాయనివ్వండి.

కొత్తకలం: ఆవిడ కాదండి, ఆయన.

యతిమతి: వాడుకలో పరిమళం ఆ హద్దు దాటి చాలా కాలమైంది. రాయండి, నేను చూసుకుంటాను.

ముక్కుపుల్ల: అంటే పరిమళానికి ఈ కాలం వాడుక, కంపుకి పాతకాలం వాడుక. వలపుకి ఏ కాలమో కూడా ఇప్పుడే చెప్పేయండి మాస్టారూ.